లిఫ్టులో మరకలు, మెట్ల మీద వాసన: కమిటీకి ఉత్తరం ఎలా రాయాలి

హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్ ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు, ఒకటే లిఫ్టు. లిఫ్టు నేల మీద జిడ్డు మరకలు, మెట్ల మలుపుల్లో నల్లటి చుక్కలు, పొద్దున్నే నీచు వాసన. ఇవి మూడు నెలలు భరించాక నేను కమిటీకి ఒక ఉత్తరం రాసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెండే వాక్యాలు. "బాధ్యత లేని కొందరి వల్ల లిఫ్టు కంపు కొడుతోంది. కమిటీ వెంటనే కఠిన చర్యలు తీసుకోవాలి."

సాయంత్రానికల్లా గ్రూపులో గొడవ మొదలైంది. నాలుగో అంతస్తులో కుక్కను పెంచుకుంటున్న ఆయన, ఆ "కొందరు" తానేననుకున్నాడు. కింది ఫ్లాటావిడ, అనుకుంటే తప్పేముందని రాసింది. సెక్రటరీ గారు మధ్యలో పడి, "దయచేసి అందరూ శుభ్రత పాటించగలరు" అని ఒక కాగితం ప్రింటు తీయించి లిఫ్టులో అంటించారు. వాసన మాత్రం తగ్గలేదు.

తప్పు నాదే. ఆ ఉత్తరంలో మరక ఎప్పుడు పడుతోందో, ఎక్కడ పడుతోందో, దేని మరకో లేదు. కమిటీ ఏం చేయాలో కూడా లేదు. నెలకోసారి సాయంత్రం గంటసేపు కూర్చునే కమిటీకి అలాంటి ఉత్తరం వెళ్తే, కాగితం అంటించడం తప్ప ఇంకేం చేస్తారు? రెండో ఉత్తరం రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. అందులో రాతకు పట్టింది ఒక్క గంట, మిగతాదంతా చూడడానికే.

ముందు పన్నెండు రోజులు రాసిపెట్టుకోండి

ఫోన్‌లో నోట్స్ చాలు, లేదంటే పాత డైరీ. రోజూ మూడుసార్లు చూడండి: పొద్దున ఆరున్నరకు, తొమ్మిదిన్నరకు, రాత్రి తొమ్మిదికి. ఈ మూడు వేళలకూ కారణముంది. మొదటిది చెత్త తీసేలోపు, రెండోది చెత్త తీసి తుడుపు అయ్యాక, మూడోది పిల్లలు, డెలివరీ వాళ్లు, కుక్కల షికారు అన్నీ ముగిశాక. మరక ఏ రెండు చూపుల మధ్య పుట్టిందో తెలిస్తే కారణం సగం తెలిసినట్టే.

ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి: తేదీ, వేళ, చోటు, ఎలా ఉంది. "మెట్ల మీద మరక" అంటే చాలదు. "రెండు, మూడు అంతస్తుల మధ్య మలుపులో, గోడ మూలన" అనాలి. వాసనకు పేరు పెట్టండి. నీచు వాసనా, పులిసిన వాసనా, మురుగు కంపా, ఉచ్చ వాసనా? మన భాషలో వీటికి వేర్వేరు మాటలున్నాయి కదా, ఇక్కడ అవి పనికొస్తాయి. మరక లేని రోజు "ఏమీ లేదు" అని కూడా రాయాలి. ఆ ఖాళీ రోజులే తర్వాత అసలు ఆధారమవుతాయి.

ఫొటో తీస్తే మరక పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టండి, పరిమాణం తెలుస్తుంది. మనుషులెవరూ ఫొటోలో పడకూడదు. పక్కింటివాళ్ల తలుపు, చెప్పుల స్టాండు కూడా పడకపోతే మంచిది.

మరకను చదవడం

చెత్త కవరు కారితే చుక్కలు వరసగా పడతాయి. ఒక తలుపు దగ్గర మొదలై లిఫ్టు దాకా వస్తాయి, లిఫ్టు లోపల ఒకే చోట చిన్న మడుగు కడతాయి. నడుస్తున్న మనిషి చేతిలోంచి పడ్డ చుక్క గుండ్రంగా ఉండదు, నడిచే దిక్కుకు తోక సాగుతుంది. కాబట్టి కవరు ఎటు నుంచి ఎటు వెళ్లిందో నేలే చెబుతుంది. ఆరాక వేలితో తాకితే జిగురుగా ఉంటుంది, చీమలు పడతాయి.

పాన్, గుట్కా ఉమ్మితే మరక నేల మీద కంటే గోడ మీద ఎక్కువ. మెట్ల మలుపుల్లో, మోకాలి ఎత్తుకు అటూ ఇటూగా, పైనుంచి కిందికి జారిన ఎర్ర గోధుమ చారలు కనిపిస్తాయి. దానికి నీచు వాసన ఉండదు. మీ బిల్డింగులో ఎర్ర మరకలూ, నీచు వాసనా రెండూ ఉంటే, అవి బహుశా రెండు వేర్వేరు సమస్యలు. ఒకే ఉత్తరంలో కలిపితే రెండూ తేలవు.

కుక్క ఉచ్చ పోస్తే గోడ అడుగునో, స్తంభం మూలనో, లిఫ్టు మూలనో పడుతుంది. ఆరాక అంచు పసుపుగానో తెల్లగానో తేలుతుంది. తుడిచినా తేమగా ఉన్న రోజుల్లో వాసన మళ్లీ లేస్తుంది, ఎందుకంటే నేలలో ఇంకి ఆరిన ఉచ్చ మామూలు ఫినాయిల్‌తో పూర్తిగా పోదు. పెంపుడు జంతువుల మరకలకని అమ్మే ఎంజైమ్ ద్రావణం కావాలి.

ఎవరూ ఏమీ పోయకుండానే ఒకే చోట తడి వస్తుంటే అది పైపు లీకేజీ కావచ్చు. దీనికి తేలికైన పరీక్ష ఒకటుంది. రాత్రి ఆ చోటును పొడిగా తుడిచి, ప్లాస్టిక్ కవరు ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించండి. తెల్లారి టేపు తీసి చూడండి. కవరు పైభాగం పొడిగా ఉండి అడుగు చెమ్మగిల్లితే నీరు లోపలి నుంచి వస్తోంది. అప్పుడు మీ ఉత్తరం శుభ్రత గురించి కాదు, ప్లంబింగ్ గురించి.

ఇక చాలామంది గమనించనిది లిఫ్టు గొయ్యి, అంటే లిఫ్టు ఆగే అడుగు అంతస్తుకు కింద ఉండే గుంట. లిఫ్టు తలుపు దగ్గర, తలుపులు జరిగే లోహపు గాడి ఉంటుంది. దానికీ ఆ అంతస్తు నేలకూ మధ్య సన్నని సందు. లిఫ్టులో కారిన నీళ్లు, తుడిచేటప్పుడు పోసిన నీళ్లు ఆ సందులోంచి నేరుగా కింది గోతిలోకి పడతాయి. అక్కడ గాలి, వెలుతురు తక్కువ, తుడిచేవాళ్లు ఎవరూ ఉండరు. లిఫ్టు కదిలినప్పుడల్లా షాఫ్టులోని గాలిని పైకీ కిందికీ తోస్తుంది, ఆ గాలితో కంపు అన్ని అంతస్తులకూ చేరుతుంది. అందుకే కొన్ని బిల్డింగుల్లో రోజుకు రెండుసార్లు తుడిచినా వాసన పోదు.

గొయ్యి కారణమో కాదో తెలుసుకోవాలంటే, లిఫ్టు తుడిచిన ఒక గంటకు పై అంతస్తులో ఎక్కి కిందికి రండి. పైన ఏమీ లేకుండా, అడుగు అంతస్తులో తలుపు తెరుచుకోగానే కంపు గుప్పుమంటే అనుమానం గొయ్యి మీదే. అయితే మీరు గానీ వాచ్‌మన్ గానీ తలుపు తెరిచి తొంగి చూడకూడదు, దిగకూడదు. అక్కడ విద్యుత్ స్విచ్‌లుంటాయి, పైన లిఫ్టు ఉంటుంది. లిఫ్టు నిర్వహణకు ఏటా కుదుర్చుకునే ఒప్పందం, అంటే ఏఎంసీ, కింద వచ్చే మెకానిక్ లిఫ్టు ఆపాకే ఎవరైనా అందులో అడుగు పెట్టాలి.

మా నోట్సులో తేలింది

పన్నెండు రోజుల్లో ఏడు రోజులు మరకలున్నాయి. ఏడూ పొద్దున ఆరున్నర, తొమ్మిదిన్నర మధ్యే పుట్టాయి. రాత్రి చూపులో ఒక్క కొత్త మరకా లేదు. కుక్కను షికారుకు తిప్పేది పొద్దున ఐదున్నరకూ, రాత్రి ఎనిమిదికీ. అంటే నాలుగో అంతస్తు ఆయన మీద మూడు నెలలుగా ఉన్న అనుమానం ఒట్టిదే. రెండు సోమవారాలూ మరకలు మిగతా రోజుల కంటే ఎక్కువ. ఆదివారం చెత్త తీసే అమ్మకు సెలవు. ఆదివారం వండిన చికెన్, చేపల తాలూకు చెత్త ఒక రాత్రంతా కవర్లో నాని సోమవారం పొద్దున కదులుతుంది.

అప్పుడు కూడా వెంటనే రాయలేదు. ముందు ఆ అమ్మతో మాట్లాడాను. ఇది తప్పనిసరి మెట్టని నా అభిప్రాయం. "కవర్లకు ముడి కూడా ఎయ్యరు సార్. పట్టుకుంటెనే కారుతయి. అన్నీ ఒక పెద్ద సంచిల ఏసుకుంటె కింద చినుగుతది. మెట్ల మీదకెళ్లి మోస్తె మోకాళ్లు పోతయి," అంది. ఇరవై ఇళ్ల చెత్తను ఆమె పల్చటి సంచిలో లిఫ్టులో దించుతోంది. తర్వాత ఆమే బకెట్ నీళ్లలో ఫినాయిల్ కలిపి లిఫ్టులో కుమ్మరించి తుడుస్తోంది. సగం నీళ్లు గాడిలోంచి గోతిలోకి.

ఈ మాట తెలియకుండా రాసుంటే "పనిమనిషిని లిఫ్టు ఎక్కనివ్వకండి" అని ఎవరో ఒకరు తీర్మానం చేసేవారు. కొన్ని బిల్డింగుల్లో చేశారు కూడా. అప్పుడు చుక్కలు లిఫ్టులో కాకుండా ఐదంతస్తుల మెట్ల మీద పడతాయి, ఒక మనిషికి అవమానం అదనం.

ఏం అడగాలి

మూడు కోరికలు దాటకండి. ప్రతిదానికీ ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఖర్చు ఎంత అనేది ఉండాలి. ఖర్చు ముందే కనుక్కుని రాస్తే ట్రెజరర్‌కు కాదనడం కష్టం. లిఫ్టు ఏఎంసీ కాగితం ఒకసారి చూడమని సెక్రటరీ గారిని అడగండి. గొయ్యి శుభ్రం చేయడం అందులో ఉంటే విడిగా డబ్బు కట్టక్కర్లేదు.

సీసీ కెమెరా ఫుటేజీ అడగాలనిపిస్తుంది. అడగొచ్చు, కానీ "ఫలానా తేదీ, ఏడు నుంచి తొమ్మిది వరకు కమిటీ సభ్యులు చూడగలరు" అని మాత్రమే. గ్రూపులో పెట్టమని అడగొద్దు. డిస్కు నిండగానే పాత రికార్డింగ్ మీద కొత్తది ఎక్కుతుంది, కాబట్టి ఆలస్యం చేస్తే చూడడానికి ఏమీ మిగలదు. మా విషయంలో ఆ అవసరమే రాలేదు.

కుక్కే కారణమని తేలినా, కుక్కల్ని లిఫ్టులోకి రానివ్వొద్దని అడగకండి. పెంపుడు జంతువుల్ని లిఫ్టులో ఎక్కించడాన్ని అసోసియేషన్లు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లోనే చెప్పింది. జంతువు మలమూత్రాలు చేస్తే దాని యజమాని వెంటనే శుభ్రం చేయాలని అడగండి. దానికి ఎవరూ కాదనలేరు.

ఉత్తరం ఇలా రాశాను

పేర్లు తీసేసి, ఇచ్చినట్టే ఇక్కడ పెడుతున్నాను.

తేదీ: ……

సెక్రటరీ గారికి,
అపార్ట్‌మెంట్ ఓనర్స్ అసోసియేషన్.

విషయం: లిఫ్టులో, మెట్ల మీద పదేపదే పడుతున్న మరకలు, వాసన – మూడు పనుల కోసం అభ్యర్థన.

అయ్యా,

గత పన్నెండు రోజులుగా లిఫ్టు, మెట్లు రోజుకు మూడుసార్లు చూసి నోట్ చేసుకున్నాను. ఆ కాగితం, ఆరు ఫొటోలు జత చేశాను. పన్నెండు రోజుల్లో ఏడు రోజులు మరకలు పడ్డాయి. అన్నీ పొద్దున 6.30, 9.30 మధ్య పడ్డవే. సోమవారాల్లో ఎక్కువ. మరకలు జిగటగా, వరుస చుక్కలుగా ఉన్నాయి, నీచు వాసన ఉంది. వీటిని బట్టి, తడి చెత్త కవర్లు కిందికి దించేటప్పుడు కారుతున్నాయని అనుకుంటున్నాను. తుడిచిన గంటకు కూడా సెల్లార్‌లో లిఫ్టు తలుపు తెరుచుకుంటే వాసన వస్తోంది. కాబట్టి లిఫ్టు గోతిలో మురికి నీరు చేరి ఉండవచ్చు.

ఇది ఏ ఒక్క ఫ్లాటు మీదా, పనిచేసేవారి మీదా ఫిర్యాదు కాదు. చెత్త దించడానికి వారికి మనం సరైన డబ్బా ఇవ్వలేదు.

దయచేసి ఈ మూడు పనులు చేయించగలరు:

ఒకటి, మూత, చక్రాలు ఉన్న అరవై లీటర్ల డబ్బాలు రెండు కొనడం, ఒకటి తడి చెత్తకు, ఒకటి పొడి చెత్తకు. బజారులో ధర కనుక్కున్నాను, కొటేషన్ జత చేశాను. వచ్చే కమిటీ సమావేశంలో ఆమోదించగలరు.

రెండు, లిఫ్టు మెకానిక్ తర్వాతి సర్వీసుకు వచ్చినప్పుడు గొయ్యి చూపించి, శుభ్రం చేయించడం. అప్పటివరకు లిఫ్టులో నీళ్లు కుమ్మరించకుండా, పిండిన మాప్‌తో మాత్రమే తుడవమని చెప్పడం.

మూడు, తడి చెత్తను వడకట్టి, ముడి వేసి, పొద్దున ఏడు తర్వాతే తలుపు బయట పెట్టమని అన్ని ఫ్లాట్లకూ తెలియజేయడం. శనివారం, ఆదివారం మాంసం, చేపల చెత్తను సోమవారం దాకా ఫ్రీజర్‌లో ఉంచుకోవచ్చని కూడా సూచించగలరు.

డబ్బాలు కొనడం, కొత్త పద్ధతి అందరికీ చెప్పడం నేను చూసుకోగలను. పదిహేను రోజుల తర్వాత మళ్లీ నోట్ చేసి ఫలితం మీకు తెలియజేస్తాను.

ఇట్లు,
ఫ్లాట్ నంబర్ 303

ఉత్తరం ఒక పేజీ దాటలేదు. "కఠిన చర్యలు", "బాధ్యతారాహిత్యం", "ఇంకెన్నాళ్లు" లాంటి మాటలేవీ రాలేదు. "అనుకుంటున్నాను", "ఉండవచ్చు" అని కావాలనే రాశాను. నేను చూసింది మరకల్నే, కవరు కారడాన్ని కాదు. చూసినదాన్ని చూసినట్టు, ఊహను ఊహగా రాస్తే, రేపు ఊహ తప్పినా ఉత్తరం నిలబడుతుంది. చివర్లో నేనే ఒక పని మీద వేసుకోవడం మాత్రం కొంచెం ఎత్తుగడే. కమిటీవాళ్లు కూడా ఇంటి పనుల మధ్య జీతం లేకుండా చేసేవాళ్లు. పని తగ్గించే ఉత్తరానికి ముందు జవాబిస్తారు.

ఇవ్వడం, అడగడం

రెండు ప్రతులు ప్రింటు తీయండి. ఒకటి సెక్రటరీ గారికి చేతికిచ్చి, రెండోదాని మీద "అందినది" అని తేదీతో సంతకం తీసుకోండి. మొహమాటంగా ఉంటే ఈమెయిల్ పంపి, "మెయిల్ చూశారా అండీ" అని అడగండి. గ్రూపులో మాత్రం పెట్టకండి. మొదటిసారి నేను చేసిన తప్పు అదే.

వారానికొకసారి మర్యాదగా అడిగితే చాలు. పదిహేను రోజులకూ కదలకపోతే, రెండో చిన్న ఉత్తరంలో ఈ విషయాన్ని వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో చేర్చమని అడగండి. అప్పటికి ఇంకో ఇద్దరు ముగ్గురు ఫ్లాటువాళ్ల సంతకాలు ఉంటే బలం. మీ అసోసియేషన్ 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదై ఉంటే, సభ్యుల వివాదాన్ని మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో తీసుకెళ్లే దారి 23వ సెక్షన్లో ఉంది. కానీ చెత్త మరకల కోసం అంత దూరం వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

ఒప్పుకున్నాక జరిగే పొరపాట్లు

కమిటీ ఉత్సాహంగా ఒప్పుకున్న రోజే ఎవరో ఒకరు యాసిడ్ బాటిల్ తెస్తారు. మెట్లకు పాలరాయి గానీ, షాబాదు బండలు గానీ ఉంటే యాసిడ్ రాతినే తినేస్తుంది. మరక పోతుంది, దాని చోట గరుకైన తెల్ల మచ్చ శాశ్వతంగా ఉంటుంది. గరుకైన రాయి మళ్లీ త్వరగా మురికి పడుతుంది. బ్లీచింగ్ పౌడరు, యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచింగ్‌ను ఉచ్చ మరక మీద వేసినా ఊపిరి తిత్తుల్ని మంటపెట్టే ఆవిరి రావచ్చు. నాలుగు వైపులా మూసి ఉండే లిఫ్టులో ఇది ఇంకా ప్రమాదం. జిడ్డు మరకకు గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, గుడ్డతో అద్ది, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. ఫినాయిల్ దాని తర్వాత. జిడ్డు మీద ఫినాయిల్ పోస్తే రెండు వాసనలూ కలిసి వస్తాయి.

మా దగ్గర డబ్బాలు వచ్చిన మొదటి వారం ఇంకో సమస్య వచ్చింది. డబ్బా అడుగున చేరిన నీటిని ఎక్కడ పారబోయాలో ఎవరూ అనుకోలేదు. సెల్లార్ కాలువలో పోస్తే అక్కడ కంపు మొదలైంది. చివరికి డబ్బా అడుగున పాత న్యూస్‌పేపర్లు, కొబ్బరి పీచు పరవడం మొదలుపెట్టారు. నీటిని అవి పీల్చుకుంటాయి, వాటిని తడి చెత్తతోపాటే స్వచ్ఛ ఆటోలో వేస్తున్నారు. డబ్బాను రోజూ కడిగేది వాచ్‌మన్ గది పక్కన, డ్రైనేజీ చాంబర్ ఉన్న చోట.

మెకానిక్ గొయ్యి తెరిచినప్పుడు చిప్స్ కవర్లు, ఒక తాళంచెవి, అంగుళం ఎత్తు నల్లటి నీళ్లు కనిపించాయట. తోడించి, ఆరబెట్టాక వాసన రెండు రోజుల్లో పోయింది. మాట ఇచ్చినట్టే పదిహేను రోజుల తర్వాత మళ్లీ పన్నెండు రోజులు నోట్ చేశాను. ఈసారి మరక పడింది రెండు రోజులే. రెండూ సోమవారాలు, రెండూ ఒకే అంతస్తు. ఆ అంతస్తువాళ్లకు ఉత్తరం అక్కర్లేదనిపించి, సెక్రటరీ గారూ నేనూ కలిసి తలుపు తట్టి చెప్పాం. కొత్తగా దిగిన అద్దెవాళ్లు, ఈ పద్ధతి వాళ్లకు ఎవరూ చెప్పనేలేదు. ఇప్పుడు ఇల్లు మారి వచ్చేవాళ్లకు ఇచ్చే కాగితంలో చెత్త వేళలు కూడా ఉన్నాయి.

రెండో అంతస్తు మలుపులో గోడ మీద ఎర్ర చారలు అలాగే ఉన్నాయి. వాటి కోసం కొత్త పేజీ మొదలుపెట్టాను, ఈరోజుకు నాలుగో రోజు.